ఫోన్లు చేయొద్దని రాసిన మెయిల్

నాకు ఇంగ్లీషు మెయిళ్ళు బాగా రాస్తానన్న పొగరు ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

విజయనగరంలో కోటకి అవతల వీధిలో ఒక పాత మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. చేపల వేట మీద బతికే కుటుంబాల కోసం పనిచేసే చిన్న సంస్థ మాది. నేను ఆ రెండు గదులకీ అధికారిని. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చే మెయిళ్ళు చదవడం, ఊళ్ళలో తిరిగే వాళ్ళకి పనులు పురమాయించడం, వాళ్ళు పంపినవి మళ్ళీ పైకి పంపడం నా ఉద్యోగం. సముద్రం చూసిన రోజులకంటే కంప్యూటరు చూసిన రోజులే ఎక్కువ.

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు ఊళ్ళన్నీ చూసుకునేది ఒక పెద్దాయన. నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఒకప్పుడు వయోజనులకి రాత్రి బడి నడిపాడట, అందుకని అందరికీ ఆయన మాస్టారే, నాకూ మాస్టారే. ఆయనది చీపురుపల్లి దగ్గర ఊరు, బెస్త కుటుంబం కాదు. అయినా ఒడ్డున ఏ గుమ్మం ముందు నిలబడినా కుర్చీ వేసేవారు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క దుర్గుణం, నా లెక్కలో, ఫోన్లు. ఒక మెయిల్ పంపితే ఐదు ఫోన్లు వచ్చేవి. "మేడమ్, ఈ మెయిలు సూసాను. ఇది ఎందుకడుగుతన్నారు వాళ్ళు?" అని ఒకటి. "ఫొటో కొత్తదా, పాతదైనా సరిపోద్దా?" అని ఇంకొకటి. బస్సులోంచి ఒకటి, ఊళ్ళోంచి ఒకటి, తిరిగొచ్చాక ఒకటి. నేను పళ్ళు నూరుకుంటూ జవాబు చెప్పేదాన్ని. అన్నీ మెయిల్లోనే ఉన్నాయి కదా, చదువుకోవచ్చు కదా అని నా బాధ.

నిజానికి మెయిల్లో అన్నీ ఉండేవి కావు. ఉండేది నాకు పైనుంచి వచ్చిన మెయిలు, దాని కింద దానికి ముందు వచ్చిన మెయిలు, దాని కింద ఇంకొకటి. ఆ చాంతాడంతటినీ అలాగే ఫార్వర్డ్ కొట్టి, పైన ఒక్క వాక్యం నేను తగిలించేదాన్ని. 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్. మోస్ట్ అర్జెంట్.' పని అప్పగించేశానని అనుకునేదాన్ని. నా బల్ల మీది బరువు ఆయన బల్ల మీదకి జరిగింది, అంతే.

మా నాన్న బడిపంతులు. ఎవరితో చిన్న పని పడినా కార్డు రాసేవారు. ముందు క్షేమం, తర్వాత విషయం ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చిందో, ఆ తర్వాత తనకి కావలసింది, ఎప్పటికి కావాలో, కుదరకపోతే ఏం చెయ్యాలో. అంత చిన్న కార్డులో అవన్నీ ఎలా పట్టేవో. నేను ఆ కార్డులు పోస్టు డబ్బాలో వేస్తూ పెరిగాను గానీ వాటిలోంచి ఏమీ నేర్చుకోలేదు.

ఆ ఏడాది, రెండు వేల పది తర్వాతి సంవత్సరాల్లో ఒకటి, ఉద్దానం ఒడ్డు నుంచి గుజరాత్ బోట్ల మీద కూలికి వెళ్ళిన తొమ్మిది మంది సముద్రంలో సరిహద్దు దాటారని అవతలి దేశం వాళ్ళు పట్టుకెళ్ళారు. అందరూ ఒకే ఊరి వాళ్ళు. ఇక్కడి వేట సరిగా సాగక ఏటా అలా వలస వెళ్ళేవాళ్ళే. వాళ్ళని విడిపించాలంటే ముందు వాళ్ళు మనవాళ్ళేనని కాగితాలు చూపించాలి. ఒక్కొక్కరికీ రేషన్ కార్డు నకలు, ఆధార్ నకలు, ఫొటో, ఇంటివాళ్ళు వేలిముద్ర వేసిన వాంగ్మూలం. ప్రభుత్వం తన దారిన తను విచారణ చేస్తుంది గానీ, ఢిల్లీలో ఒక వకీలు ఈ కాగితాలన్నీ ఒక్కచోట చేర్చి సంబంధిత శాఖకి ఇచ్చి వెంటపడుతున్నాడు. ఆయన మెయిల్ గురువారం నాకు వచ్చింది. వచ్చే సోమవారం అందిస్తే ఈ విడతలో పేర్లు కదులుతాయని, లేకపోతే మళ్ళీ విడత ఎప్పుడో తెలియదని అందులో రాశాడు.

తొమ్మిది మందిలో ఒకతని భార్యకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది కొత్త సంగతి కాదు, ఏ ఇంటినీ వదలని జబ్బు. ఆమె వారానికి మూడు రోజులు శ్రీకాకుళం వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేది. మాస్టారు అంతకు ముందే నాకు ఫోన్లో చెప్పాడు. "మేడమ్, ఆ పిల్ల ఎక్కువ రోజులు ఉండదనీసి డాక్టర్లు సెప్పీసారు. మొగుడొచ్చీవరకైనా ఉంటే బాగుణ్ణు." నేను ఊఁ అన్నాను. నాకు బాగా గుర్తుంది, ఊఁ అంటూనే వేరే మెయిలేదో టైపు చేస్తున్నాను.

ఆ గురువారం నాకు తొందర. సాయంత్రంలోగా ఇంకో రెండు నివేదికలు వెళ్ళాలి. వకీలు పంపిన పట్టికలో తొమ్మిది వరసలున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, బోటు నంబరు. మెయిల్లో అతికిస్తే పట్టిక వెడల్పై చెదిరిపోతోంది. పేర్ల వరస ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేశాను. పైన మామూలు వాక్యం తగిలించాను. 'ఈ జాబితా ప్రకారం కాగితాలు శనివారానికల్లా పంపాలి.' ఎందుకు శనివారమో రాయలేదు. ఎన్ని సెట్లో రాయలేదు. పోయిన వారం ఆయన చేసిన ఫోన్లు గుర్తొచ్చి ఇంకో వాక్యం చేర్చాను. 'అంతా స్పష్టంగానే ఉంది, దయచేసి సందేహాలతో ఫోన్లు చేయొద్దు.' దయచేసి అన్న మాట పెట్టినందుకు నాకు నేనే మర్యాదస్తురాల్లా కనిపించాను.

ఆ ఒడ్డు ఊళ్ళలో ఒక అలవాటుంది. తాత పేరు మనవళ్ళందరికీ పెడతారు. అన్నదమ్ములు నలుగురుంటే నలుగురి ఇళ్ళల్లోనూ ఆ పేరు పిల్లాడు ఉంటాడు. ఇంటిపేరూ ఒకటే కాబట్టి కాగితం మీద ఒకరికీ ఇంకొకరికీ తేడా తండ్రి పేరే. ఊళ్ళో పెద్దోడు, నల్లోడు, తూరుపింటోడు అని పిలుచుకుంటారు, వాళ్ళకి ఇబ్బంది లేదు. మాస్టారికి తెలిసినవీ ఆ పిలుపులే, కాగితం మీది పేర్లు కాదు. నేను పంపిన పేర్ల జాబితాలో నాలుగో వరసలోనూ ఏడో వరసలోనూ ఒకే పేరుంది.

శుక్రవారం మాస్టారు ఆ ఊరు వెళ్ళాడు. పేర్లు చదివి ఇళ్ళవాళ్ళని పిలిచాడు. ఆ పేరు పిలిచినప్పుడు ఒక ఇంట్లోంచి కాగితాలు వచ్చాయి. రెండో ఇంటికి తాళం. ఆమె శ్రీకాకుళంలో, ఆసుపత్రి మంచం మీద, చేతికి గొట్టాలతో ఉంది. శనివారం మధ్యాహ్నానికి పలాసలో నెట్ సెంటరు నుంచి నాకు ఒకే ఫైలుగా స్కాన్లు వచ్చాయి, నలభై పేజీల దాకా. నేను రాసినట్టుగానే ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఇప్పటికి దారికొచ్చాడు అనుకున్నాను. పేజీలు పైపైన తిప్పి, 'ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్' అని రాసి ఢిల్లీకి పంపేశాను. నేను లెక్కపెట్టలేదు. మాస్టారు చూసుకునే ఉంటాడని నేను, మా ఆఫీసు చూసుకునే ఉంటుందని వకీలు.

ఆ తర్వాత కొన్ని నెలలకి విడుదల జాబితా వచ్చింది. ఎనిమిది పేర్లు. ఆ పేరు ఒక్కసారే ఉంది.

మాస్టారు ఫోన్ చేశాడు. ఆ మెయిల్ తర్వాత తనంతట తానుగా చేసిన మొదటి ఫోన్ అది. "మేడమ్, పట్టుకెళ్ళినోళ్ళలో ఇద్దరున్నారు ఆ పేరుతోటి. ఎవరొస్తన్నారో తెల్దు. ఆళ్ళ ఆడోళ్ళిద్దరూ నన్నే అడుగుతన్నారు. ఏటి సెప్పమంటారు?"

నేను ఫైలు తెరిచి చూశాను. పదహారో పేజీలో ఆ పేరు గలవాడి తండ్రి పేరుంది. డయాలసిస్ ఆమె మామగారి పేరు కాదు. మొత్తం పేజీలు అప్పుడు లెక్కపెట్టాను. ఎనిమిది సెట్లు.

"పోలీసు విచారణ వేరేగా జరిగింది కదా మాస్టారూ, మన కాగితాలతోనే అన్నీ తేలవు. వచ్చాక తెలుస్తుంది" అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ నేను అలా అన్నది నిజం చెప్పే ధైర్యం చాలక. "సరే మేడమ్" అన్నాడు ఆయన.

వాళ్ళొచ్చే రోజు పలాస స్టేషన్‌కి నేనూ వెళ్ళాను. ఊరు ఊరంతా ఆటోల్లో దిగింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ పక్కపక్కనే నిలబడ్డారు. తోడికోడళ్ళు. ఇద్దరిలో ఒకరి మొగుడే వస్తాడని ఇద్దరికీ తెలుసు. ఆరోగ్యంగా ఉన్నామె జబ్బుపడ్డామె చెయ్యి పట్టుకుని ఉంది, సూదుల చెయ్యి కాదు, రెండోది.

నలుగురు ఒక పెట్టెలోంచి, ముగ్గురు పక్క పెట్టెలోంచి దిగారు. చివర్న దిగినవాణ్ణి చూసి ఆరోగ్యంగా ఉన్నామె పట్టుకున్న చెయ్యి వదల్లేక, వదలకుండా ఉండలేక నిలబడిపోయింది. జబ్బుపడ్డామే ఆ చేతిని విడిపించింది. "ఎల్లే. ఎల్లు, నీకోసమే సూత్తన్నాడు" అంది. తర్వాత తనే అతని దగ్గరికి నడిచి, "మీ అన్నెలాగున్నాడు?" అని అడిగింది.

"బాగున్నాడు వదినా. రోజూ నీ మాటే." అతను తలెత్తలేదు. విడుదలైనందుకు సిగ్గుపడుతున్నవాడిలా ఉన్నాడు.

మాస్టారు నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను నోరు తెరిచేలోపు ఆయనే చెప్పాడు. "తప్పు నాదమ్మా. ఒకే పేరు రెండుసార్లు పడిందనుకున్నాను. టైపులో పొరపాటనుకున్నాను. నీ కాయితాలు ఎల్లలేదు."

ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "మీరేటి సేత్తారు మాస్టారూ. మా పేర్లే అలాగుంటాయి" అంది. ఆ మాటకి నేను తట్టుకోలేకపోయాను. తప్పు నాదని అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. మూడు గంటలు బస్సులో కూర్చుని విజయనగరం వచ్చాను, చెప్పలేదన్న సంగతి తప్ప ఇంకేమీ తలలో లేదు.

మర్నాడు పొద్దున్నే వకీలుకి ఫోన్ చేశాను. పది రోజుల్లో ఇంకో విడత కాగితాలు ఇస్తున్నానని, ఆ తొమ్మిదో సెట్ అందులో చేరుస్తానని అన్నాడు. ఇక మాస్టారికి రాయాలి. ఫోన్లో చెప్పొచ్చు, కానీ ఆయన చేతిలో కాగితం ఉండాలనిపించింది, నా నోటి మాటల మీద నాకే నమ్మకం పోయింది.

మొదట రాసింది నాలుగు వాక్యాలు. చదివితే మళ్ళీ హుకుమే. కొట్టేశాను. రెండోసారి రాసింది మూడు పేజీలు. నా తప్పు, నా బాధ, వకీలు మెయిళ్ళన్నీ, స్టేషన్లో ఆమె అన్న మాట. చదివితే నా బరువంతా తీసుకెళ్ళి ఆ ముసలాయన ఒళ్ళో దించినట్టుంది. ఆయన దాన్లోంచి పని వెతుక్కోవాలి, పైగా నన్ను ఓదార్చాలి. అదీ కొట్టేశాను. మూడోసారి ఇంగ్లీషు మానేసి, రాని తెలుగు టైపింగుతో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

'మాస్టారికి నమస్కారం. విషయం: తొమ్మిదో మనిషి కాగితాలు, ఒక సెట్, వచ్చే బుధవారానికి.

మొన్నటి విడతలో ఎనిమిది సెట్లే వెళ్ళాయి. తండ్రి పేర్ల వరస నేను తీసేసి పంపడం వల్ల ఇలా జరిగింది, మీ వల్ల కాదు. వకీలు గారు వచ్చే శుక్రవారం ఇంకో విడత ఇస్తున్నారు. అందులో ఈ సెట్ చేరితే అతని పని కదులుతుంది. ఆమె ఆరోగ్యం సంగతి నాకంటే మీకే తెలుసు.

కావలసింది ఒక్క సెట్: రేషన్ కార్డు, ఆధార్, అతని ఫొటో, ఆమె వాంగ్మూలం. నకళ్ళ మీద తండ్రి పేరు చదవడానికి వీలుగా పడాలి. ఫొటో పాతదైనా పరవాలేదు. బుధవారం సాయంత్రానికి నాకు చేరితే, గురువారం నేను సరిచూసి పంపడానికి వ్యవధి ఉంటుంది. ఆమె ఆసుపత్రికి వెళ్ళే రోజులు చూసుకుని ఎప్పుడు వెళ్ళాలో మీరే నిర్ణయించండి. వాంగ్మూలంలో ఆమె ఏం చెప్పుకోవాలనుకుంటే అది రాయండి. ఢిల్లీతో మాట్లాడటం, అనువాదం నేను చూసుకుంటాను.

బుధవారం కుదిరేలా లేకపోతే ముందే ఒక మాట చెప్పండి, వకీలు గారిని ఇంకొక్క రోజు అడుగుతాను. ఇందులో ఏదైనా తేడాగా అనిపించినా, ఏ చిన్న అనుమానం వచ్చినా, ఏ వేళనైనా ఫోన్ చేయండి. ఈ పని మీకు వీలవుతుందా?'

గంటలో ఫోన్ వచ్చింది. "వీలవుద్ది మేడమ్" అన్నాడు. ఆ తర్వాత అడిగాడు, ఆధార్ మీద అతని పేరు చివర ఒక అక్షరం తేడాగా ఉంది, ఏం చెయ్యాలని. రేషన్ కార్డు నకలు దానితో జతపరచి, రెండు పేర్లూ ఒకే మనిషివని వాంగ్మూలంలో ఒక వాక్యం రాయించమన్నాను. రెండోసారి, మూడోసారి చేశాడు. ప్రతిసారీ ఫోన్ ఎత్తుతుంటే నాకు ఏడుపొచ్చేది. అవే ఫోన్లు కదా నేను వద్దన్నది.

మంగళవారమే కాగితాలు వచ్చాయి. వాంగ్మూలం మాస్టారి గుండ్రటి దస్తూరిలో ఉంది. చివర్న ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. 'వారానికి మూడు దినాలు ఆసుపత్రికి ఎల్తన్నాను. ఎన్నాళ్ళుంటానో తెల్దు. ఆయన మొకం ఓపాలి సూడాలి. ఇంకేటీ అడగను.' కింద బొటనవేలి ముద్ర.

కాగితాలు సమయానికే వెళ్ళాయి. కానీ విడుదల మన శుక్రవారాల ప్రకారం జరగదు. ఆరు నెలలు పట్టింది. ఆమె ఐదో నెల చివర్లో పోయింది. మాస్టారు ఫోన్ చేసి, "పోయింది మేడమ్" అన్నాడు. మొదటి విడతలో అతని కాగితాలు ఉంటే ఆ ఐదు నెలలూ ఆమె దగ్గరే ఉండేవాడు. ఆ లెక్క మాత్రం నేను ఎన్నిసార్లు పెట్టానో.

విడుదలై ఊరు చేరిన పదిహేను రోజులకి ఆమె భర్త విజయనగరం వచ్చాడు, మాస్టారు ఇచ్చిన అడ్రసు చీటీ పట్టుకుని. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. "మా ఆడది ఏదో రాయించిందంట. వేలిముద్ర కూడా ఏసిందంట. అది నాకిత్తారా?" అని అడిగాడు.

అసలు కాగితాలు ఉద్దానం ఫైల్లో ఉన్నాయి. మాస్టారు ఆరోగ్యం బాగోక ఆ నెలలోనే పని మానేసి తన ఫైళ్ళన్నీ మా ఆఫీసుకి పంపేశాడు. బీరువాలోంచి ఆ ఫైలు తీశాను. వాంగ్మూలానికి ముందు నా పాత మెయిల్ ప్రింటు ఉంది, గురువారం నాటిది. నాలుగో వరస, ఏడో వరస పెన్సిలుతో ఒక గీతతో కలిపి ఉన్నాయి. పక్కన మాస్టారి గుండ్రటి దస్తూరి: 'ఇద్దరేమో? మేడమ్‌ని అడగాలి.' ఆ మాటల మీదుగా అడ్డంగా గీత. కింద, ఫోన్లు చేయొద్దని నేను రాసిన వాక్యం కింద, ఇంకో గీత.

టైపులో పొరపాటనుకున్నానని స్టేషన్లో ఆమెతో అన్నాడు. అనుకోలేదు. ఆయనకి అనుమానం వచ్చింది. ఆ అనుమానం నోరు నేను ముందే మూయించాను, ఆయన దాన్ని తన మీద వేసుకున్నాడు.

ఆ కాగితం అతని ముందు పెట్టాను. అతనికి చదవడం రాదు, నేనే చదివి చెప్పాను. ఎవరు రాశారో, ఎందుకు అడగలేదో, ఎవరి వల్ల ఆలస్యమైందో, స్టేషన్లో చెప్పలేకపోయినదంతా చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు నాకు.

అతను వాంగ్మూలం తీసుకుని బొటనవేలి ముద్ర మీద తన వేలు పెట్టి కాసేపు చూశాడు. తర్వాత దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దోపుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"వచ్చే నెల మళ్ళీ బోట్లెక్కుతారు మావోళ్ళు" అన్నాడు. "ఆ పేరోళ్ళు మా ఊళ్ళో ఇంకా ముగ్గురున్నారు మేడమ్. ఈసారి ఏదైనా రాత్తే, అడగమని రాయండి."